పాలకూర కట్ట ఎంత లావు? ఒక మొదటి రోజు ఫీల్డ్ డైరీ

(ఎం.ఏ. సోషియాలజీ విద్యార్థులు ఫీల్డ్‌వర్క్‌కు బయల్దేరే ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వచ్చే వారం మీరంతా ఫీల్డ్‌కు వెళ్తున్నారు. సహభాగి పరిశీలన అంటే మనం చదవబోయే మనుషుల మధ్యే ఉండి, వాళ్ల పనిలో పాలుపంచుకుంటూ గమనించడం. అందులో ఎన్ని రకాలున్నాయో క్లాసులో చెప్పుకున్నాం కాబట్టి మళ్లీ ఆ జోలికి పోను. ఈ రోజు మీ సీనియర్ ఒకామె రాసిన డైరీ పట్టుకొచ్చాను. బజార్‌లో మొదటి రోజు గడిపి, ఆ రాత్రే హాస్టల్లో కూర్చుని రాసుకున్న పేజీలివి. మీకు చదివి వినిపించడానికి ఆమె ఒప్పుకుంది. ఆమె పేరు చెప్పను. ఆమె ఏ రైతు పక్కన కూర్చుందో ఆ మనిషి పేరు డైరీలోనే లేదు, 'రై-1' అని మాత్రమే ఉంది. బజార్ ఏదో కూడా చెప్పను. హైదరాబాద్‌కు పడమటి వైపున్న ఒక రైతు బజార్ అనుకోండి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఊళ్ల నుంచి ఆకుకూరలు వచ్చే చోటు.

రైతు బజార్లు 1999 జనవరిలో, ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. గుర్తింపు కార్డు ఉన్న రైతుకు స్టాల్ ఇస్తారు. రోజూ పొద్దున్నే ధరలు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. ఆ ధర హోల్‌సేల్ కంటే ఎక్కువగా, బయటి దుకాణాల కంటే తక్కువగా ఉండేలా చూస్తారు. ఇదంతా మనకు తెలిసిందే. మన అమ్మాయి కూడా ఇది తెలుసుకునే వెళ్లింది. ధర బోర్డు మీద ఉంటుంది కాబట్టి ఇక్కడ బేరం ఉండదనుకుని వెళ్లింది. డైరీ మొదటి పేజీలో, ఇంకా బజార్‌లో అడుగు పెట్టక ముందే, ఆ మాట రాసుకుంది: "నేను అనుకుంటున్నది: ఫిక్స్‌డ్ రేట్ కాబట్టి బేరం ఉండకపోవచ్చు." మీరు కూడా వెళ్లే ముందు రోజు ఇలా ఏదో ఒకటి రాసుకోండి. మనసులో ఏం పెట్టుకుని వెళ్లామో కాగితం మీద లేకపోతే, తర్వాత చూసిందంతా 'నేను ముందే అనుకున్నాను' అనిపిస్తుంది.

డైరీ ఎలా ఉందో చూపిస్తాను. పొద్దున బజార్‌లో ఆమె వాడింది అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం. అందులో పూర్తి వాక్యాలు లేవు. టైము, ఒకటి రెండు మాటలు, ఎవరైనా అన్న మాట యథాతథంగా, అంతే. ఉదాహరణకు "7.15 – గోనెసంచి కింద నుంచి – నీలం చీర – రేటు అడగలే." మనకేం అర్థం కాదు. ఆమెకు అర్థమైతే చాలు, అది కూడా ఆ ఒక్క రాత్రికే. మూడు రోజులు పోతే ఆమెకు కూడా అర్థం కాదు. అందుకే ఆ రాత్రి ఇంకెవరికీ ఏమీ చెప్పక ముందే కూర్చుని పెద్ద పుస్తకంలో విప్పి రాసింది. ముందు రూమ్మేట్‌కు కథలా చెప్పేస్తే, ఆ తర్వాత రాసేది చూసిన దాన్ని కాకుండా, చెప్పిన కథనే. చెప్పేటప్పుడు మనకు తెలియకుండానే కొంత కోస్తాం, కొంత అతుకుతాం.

పెద్ద పుస్తకంలో ఎడమ పేజీలో చూసింది, విన్నది. కుడి పేజీలో తనకు అనిపించింది, ఊహించింది, అనుమానం వచ్చింది. ఎదుటి మనిషి అన్న మాట అక్షరాలా గుర్తుంటేనే కొటేషన్ గుర్తులు పెట్టింది. భావం మాత్రమే గుర్తుంటే గుర్తులు లేవు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆరు నెలల తర్వాత డిసర్టేషన్ రాసేటప్పుడు ఒక వాక్యం ఆ రైతుదా, నీదా అని తేల్చేది ఆ గుర్తులే.

ఇక అసలు విషయానికి వద్దాం. రై-1 ఆకుకూరలు అమ్ముతుంది. పాలకూర, తోటకూర, మెంతికూర, పుంటికూర, కొంచెం గంగవాయిలి కూర. మన అమ్మాయి ముందు రోజే బజార్‌ను చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్‌కు డిపార్ట్‌మెంట్ లెటర్ ఇచ్చింది, రై-1కు తానెవరో, ఎందుకొస్తుందో చెప్పింది. "కూసోని రాసుకుంటే నాకేం నష్టం, గని ఉత్తగ కూసోకు" అన్నదట ఆమె. కూర్చోగానే పని అప్పజెప్పింది. దారిలో విడిపోయిన పాలకూర కట్టల్ని మళ్లీ కట్టే పని.

ఎడమ పేజీ నుంచి చదువుతున్నాను:

"6.20. విడిపోయిన కూర నా ముందు పోసింది. వేళ్లు సమానంగా సర్ది, మట్టి దులిపి, ఒక గుప్పెడు తీసి రబ్బరు బ్యాండు వేయాలి. నాలుగు కట్టలు కట్టాను. రై-1 చూసి, మాట్లాడకుండా నాలుగూ విప్పింది. నాలుగు కట్టల కూరతో ఆరు కట్టలు కట్టింది. ఆమె కట్టలు నా కట్టల కంటే సన్నగా ఉన్నాయి, కానీ పైకి అంతే లావు కనిపిస్తున్నాయి. ఆకుల్ని పైన విప్పార్చి, కాడల దగ్గర బిగించింది. 'ఇట్ల కడితే నేను ఇంటికి పోయినట్లే' అన్నది, నా కట్టల గురించి."

ఈ ఏడెనిమిది వాక్యాల్లో 'చాలా', 'బాగా', 'పాపం' లాంటి మాట ఒక్కటి కూడా లేదు. నాలుగు కట్టలు ఆరయ్యాయి అని ఉంది. ఎలా అయ్యాయో చేతి కదలికతో సహా ఉంది. స్టాల్ ముందు నిలబడి చూస్తే ఇది దొరికేది కాదు. బోర్డు మీద పాలకూర పది రూపాయలకు మూడు కట్టలని ఉంది. కట్ట అంటే ఎన్ని గ్రాములో బోర్డు చెప్పదు. అది రై-1 గుప్పిట్లో ఉంది. పని చేయబోయి, చేతకాక, విప్పించుకున్నందువల్లే మన అమ్మాయికి ఆ సంగతి తెలిసింది. సహభాగి పరిశీలనలో 'సహభాగి' అన్న సగం ఎందుకో ఇక్కడ కనిపిస్తుంది.

కుడి పేజీలో ఏం రాసిందో వినండి: "ధర కదలదు, కట్ట కదులుతుంది. బేరం లేదనుకున్నాను. బేరం ఉంది, అది రేటులో లేదు, లావులో ఉంది. కొనేవాళ్లు రేటు అడగట్లేదు, కట్టలు చేత్తో తూచి చూస్తున్నారు, 'ఇది సన్నగుంది, ఇంకోటియ్యి' అంటున్నారు." మొదటి రోజే ఈ మాట పట్టుకుందంటే నాకు చాలా సంతోషం వేసింది. ప్రభుత్వం ధర మీద చేయి వేసింది, కొలత మీద వేయలేదు. టమాటా, వంకాయ కాటా మీద తూస్తారు కాబట్టి అక్కడ ఈ వెసులుబాటు తక్కువ. ఆకుకూర కట్ట లెక్కన పోతుంది కాబట్టి బేరమంతా కట్టలోకి వచ్చి చేరింది.

ఇక్కడి నుంచి డైరీ జారడం మొదలవుతుంది. ఎక్కడ జారిందో చూపించడానికే ఈ పేజీలు ఎంచుకున్నాను.

ఎడమ పేజీలో రెండు సంఘటనలున్నాయి. 7.15కి నీలం చీర కట్టుకున్న ఒకామె వచ్చింది. రేటు అడగలేదు. రై-1 ముందున్న కుప్పలోంచి కాకుండా, వెనక్కి వంగి, తడి గోనెసంచి కింద ఉన్న బుట్టలోంచి మూడు కట్టలు తీసిచ్చింది. ఇద్దరూ పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారు. డబ్బులు లెక్కపెట్టకుండానే రై-1 నడుముకున్న సంచిలో వేసుకుంది. 10.30కి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనకు మూడుకు బదులు అయిదు కట్టలిచ్చింది, పైన గుప్పెడు కొత్తిమీర కొసరు వేసింది. "రోజూ వస్తడు" అన్నది మన అమ్మాయితో.

కుడి పేజీ: "రై-1 తెలిసినవాళ్లకు లావు కట్టలు, ఎక్కువ కట్టలు ఇస్తుంది. కొత్తవాళ్ల దగ్గర మిగిల్చింది పాతవాళ్లకు పెడుతుంది. బజార్ నడిచేది నమ్మకం మీద."

వినడానికి ఎంత బాగుందో చూడండి. పుస్తకాల్లో కూడా దీనికి బలముంది. మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ మొరాకోలోని సెఫ్రూ బజార్‌ను చూసి, బజార్‌లో అందరికీ కరువయ్యేది సమాచారమేనని 1978లో రాశాడు. సరుకు ఎలాంటిదో, సరైన ధర ఎంతో ఎవరికీ పూర్తిగా తెలియదు. అందుకని కొనేవాళ్లు పది కొట్లు తిరిగే బదులు ఒకరి దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్లి, ఆ సంబంధంలోనే గట్టిగా బేరమాడతారన్నాడు. మన అమ్మాయికి ఆ పాఠం గుర్తుంది. రెండు సంఘటనలు కళ్ల ముందు పడ్డాయి, పాఠం వాటి మీద కూర్చుంది.

కానీ ఎడమ పేజీలో టైము ఉంది. అదే మనల్ని కాపాడేది. 10.30 దగ్గరి ఇంకో నాలుగు వాక్యాలు చదువుతాను: "ఎండ స్టాల్ లోపలికి వచ్చింది. నీళ్లు చల్లినా తోటకూర వాడిపోయింది. రై-1 రెండేసి కట్టలు కలిపి ఒకే బ్యాండు వేయమన్నది. పక్క స్టాల్ అతను 'పదికి అయిదు, పదికి అయిదు' అని అరుస్తున్నాడు." అంటే పెద్దాయన వచ్చేసరికి ఆ వరుసలో అందరూ ఎవరికైనా పదికి అయిదే ఇస్తున్నారు. ఆయన రోజూ వచ్చేవాడే కావచ్చు. ఆ అయిదు కట్టలు మాత్రం ఆయనకు ఆ కారణంగా వచ్చాయని చెప్పలేం. మధ్యాహ్నం బస్సుకు ఖాళీ బుట్టతో వెళ్లాలంటే రై-1 ఎవరికైనా అంతే ఇచ్చేది. ఆకుకూరకు ఆయుష్షు ఆ పూట వరకే.

మరి రై-1 స్వయంగా "రోజూ వస్తడు" అన్నది కదా? అన్నది. అది ఆమె చెప్పిన కారణం, చాలా విలువైన సమాచారం. తన ఇవ్వడాన్ని ఆమె పక్కనున్న అమ్మాయికి ఎలా వివరించాలనుకుందో అది చెబుతుంది. చేసిన పనికి అసలు కారణం అదేనని అది రుజువు చేయదు. కొత్తిమీర కొసరు కూడా అలాంటిదే. అది తెలిసినవాళ్లకే పడుతుందా, ఆ టైముకు అందరికీ పడుతుందా అనేది డైరీలో లేదు, ఎందుకంటే మిగతావాళ్లకు పడిందో లేదో ఆమె రాసుకోలేదు. కళ్లను లాగిన సంఘటన రాసుకుంటాం, లాగనిది వదిలేస్తాం. తర్వాత లాగినవాటితోనే సిద్ధాంతం కడతాం.

7.15 సంఘటన వేరు. అప్పటికి కూర తాజాగా ఉంది. బోర్డు ధరకు ముందు కుప్ప చకచకా పోతోంది. అలాంటప్పుడు వెనక్కి వంగి, విడిగా దాచిన బుట్టలోంచి తీయడమనేది ఊరికే జరగదు. ఎవరో వస్తారని ముందే అనుకుని పక్కన పెట్టిన కూర అది. సంబంధం గురించిన ఊహకు ఈ ఒక్క సంఘటన ఊతమిస్తుంది. అది కూడా కొంతవరకే. నీలం చీర ఆమె ముందు రోజు డబ్బులిచ్చి చెప్పి పెట్టుకుని ఉండొచ్చు. ఇంటి ఓనర్ కావచ్చు, అప్పిచ్చిన మనిషి కావచ్చు, చుట్టం కావచ్చు. డబ్బు లెక్కపెట్టకపోవడం నమ్మకం వల్ల కావచ్చు, భయం వల్లా కావచ్చు. మొదటి రోజుకు ఇవన్నీ తెరిచే ఉంచాలి.

ఈ రెండింటినీ విడదీసింది ఏమిటో గమనించారా? టైము, గోనెసంచి, పక్క స్టాల్ అరుపు. రాసేటప్పుడు ఆ అమ్మాయికి ఇవి ముఖ్యమని తెలియదు. తెలియకపోయినా రాసింది. ఏది ముఖ్యమో మొదటి రోజు తెలియదు కాబట్టే మొదటి రోజు డైరీ అన్నింటికంటే పొడుగ్గా ఉండాలి. రెండో వారానికి బజార్ మీకు అలవాటైపోతుంది, గోనెసంచి కనిపించడం మానేస్తుంది.

ఇప్పుడు కుడి పేజీలోనే ఇంకో చోటుకు వెళ్దాం. ఇది ఆమె గురించి ఆమె రాసుకున్నది. 8 గంటలప్పుడు ఒక కస్టమర్ "ఎవరమ్మా, నీ కూతురా?" అని రై-1ను అడిగింది. రై-1 ఠక్కున "ఆఁ, మా బిడ్డే, కాలేజ్ల చదువుతది" అన్నది. మన అమ్మాయి ఏమీ అనలేదు. రాత్రి ఇలా రాసింది: "నాకు చాలా టెన్షన్ అయింది. ఒకవైపు సంతోషం, ఒకవైపు అబద్ధంలో కూర్చున్నట్టుంది. నేను నోరు తెరిచి 'కాదండీ' అంటే రై-1 పరువు పోయేది. అనకపోతే ఆ కస్టమర్‌ను మోసం చేసినట్టు."

ఇది పర్సనల్ గోడు, దీన్ని డైరీలో ఎందుకు పెట్టాలని కొందరు అడుగుతారు. మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీని గుర్తు చేసుకోండి. ట్రోబ్రియాండ్ దీవుల్లో ఆయన చేసిన పని మన పద్ధతికి పునాది. ఆయన చనిపోయింది 1942లో. ఫీల్డ్‌లో విడిగా రాసుకున్న సొంత డైరీ 1967లో అచ్చయింది. తాను మధ్య ఉండి చదివిన మనుషుల మీదే అందులో ఎంత విసుగు, ఎంత కటువైన మాటలు ఉన్నాయో చూసి మానవశాస్త్ర లోకం ఉలిక్కిపడింది. ఆ విసుగు ఆయన శాస్త్రీయ రచనల్ని ఎక్కడ ఎలా వంచిందో ఆ రచనలు చదివేవాళ్లకు తెలిసే దారి లేదు, ఎందుకంటే రెండూ రెండు వేర్వేరు పుస్తకాల్లో ఉండిపోయాయి. మన అమ్మాయి పుస్తకంలో అవి ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. 'మా బిడ్డే' అన్నది 8 గంటలకు. ఆ తర్వాతి పేజీల్లో రై-1 గురించి రాసిన మాటలు మెత్తబడటం స్పష్టంగా కనిపిస్తుంది. 'బజార్ నడిచేది నమ్మకం మీద' అన్న వాక్యం ఆ మెత్తదనం లోంచి వచ్చిందేమోనని మనం అడగగలుగుతున్నాం. ఆ సంతోషాన్ని ఆమె దాచుకోకుండా రాసింది కాబట్టే అడగగలుగుతున్నాం. (మాలినోవ్‌స్కీ చివరి ఫీల్డ్‌వర్క్, 1940, 41ల్లో, మెక్సికోలోని వహాకా లోయ సంతల మీదే. సంతల మీద పనిచేయబోయేవాళ్లు ఎవరైనా ఉంటే నన్ను కలవండి, మాట్లాడుకుందాం.)

'మా బిడ్డే' అన్న మాట సమాచారం కూడా. స్టాల్ వెనక ఎవరు కూర్చోవచ్చో అది చెబుతుంది. రైతు బజార్‌లో కార్డు ఉన్న రైతు, ఆ కుటుంబం అమ్మాలి. ముక్కు మొహం తెలియని మనిషి వెనక కూర్చుంటే 'ఎవరీమె, రైతేనా, దళారీనా' అన్న ప్రశ్న వస్తుంది. రై-1 ఒక్క మాటతో ఆ ప్రశ్న రాకుండా చేసింది. మన అమ్మాయి మీద ప్రేమతో అని ఉండొచ్చు, తన స్టాల్‌ను కాపాడుకోవడానికి అని ఉండొచ్చు, రెండూ కావచ్చు. మనం ఏ పాత్రలో వెళ్లాలో క్లాసులో ఎంత ప్లాన్ చేసినా, అక్కడ మనకు పాత్ర ఇచ్చేది అక్కడి మనుషులే.

నైతికంగా ఏం చేయాలి? నా అభిప్రాయం చెప్తాను. జనం మధ్యలో రై-1 మాటను కొట్టేయకపోవడం సరైనదే. వందల మంది వచ్చిపోయే చోట ప్రతి కస్టమర్ దగ్గరా అనుమతి తీసుకోవడం కుదరదు కాబట్టి, వాళ్లను గుర్తుపట్టే వివరం ఏదీ రాయకూడదు. నీలం చీర అన్నంత వరకే. నేరుగా మనల్నే అడిగితే మాత్రం నిజం చెప్పాలి. రోజూ వచ్చే కస్టమర్ల గురించి రాయబోతున్నాం అనుకుంటే, వాళ్లకు కూడా మనమెవరో తెలియాలి. దానికి ముందు రై-1తో, గిరాకీ తగ్గాక, ఎవరైనా అడిగితే ఏం చెబుదామని మాట్లాడుకోవాలి. ఆమె ఒప్పుకున్న మాటే ఇద్దరూ చెప్పాలి. ఆమె "బిడ్డ అనే చెప్తా" అని పట్టుబడితే, ఆ స్టాల్లో కూర్చుని కస్టమర్ల గురించి రాయడం మానుకోవాలి. ఆమె గురించి, ఆమె పని గురించి రాసుకోవచ్చు.

తన వల్ల బజార్ మారిందా అన్న ప్రశ్న కూడా ఆమె వేసుకుంది. పక్క స్టాల్ అతను ఆమె చేతిలో పుస్తకం చూసి "ఆఫీసు నుంచా మేడమ్?" అన్నాడు. కాసేపటికి తన ముందు వంకరగా ఉన్న రేటు పలకను సరిచేసుకున్నాడు. అది చూశాక ఆమె పుస్తకం సంచిలో పెట్టేసి, గంటకోసారి టీ కొట్టు దగ్గరికి వెళ్లి రాసుకుంది. గంటకు మించితే మాటలు మరిచిపోతాం, గంట లోపు అయితే మాటిమాటికీ లేచిపోవాలి. ఆమెకు కుదిరిన లెక్క అది, మీకు ఇంకోటి కుదరొచ్చు.

చివరి పేజీలో రెండో రోజుకు ఏం చేయాలో రాసుకుంది. మొదట తాను రాసుకున్నవి ఇవి: ఎవరు పాతవాళ్లో రై-1ను అడగాలి, కొసరు ఎందుకేస్తుందో అడగాలి. ఇద్దరం కూర్చుని డైరీ చదివాక మార్చుకున్నాం. ముందు అడగడం వద్దు, ముందు లెక్క. 6.30 నుంచి 7.30 వరకు ఒక గంట, 10 నుంచి 11 వరకు ఒక గంట, వచ్చిన ప్రతి కస్టమర్‌కూ ఏ కుప్పలోంచి ఇచ్చింది, ఎన్ని కట్టలు, కొసరు పడిందా లేదా, ఈ మూడే రాయాలి. ప్రత్యేకంగా అనిపించినవాళ్లవే కాకుండా, అందరివీ. పొద్దున గంటలో గోనెసంచి కింది బుట్ట ఎవరెవరికి తెరుచుకుంటుందో చూస్తే, అప్పుడు వాళ్లెవరని అడగడానికి అర్థం ఉంటుంది. రై-1 ఒప్పుకుంటే ముందు కుప్పలో అయిదు, బుట్టలో అయిదు కట్టలు పక్కనున్న టమాటా స్టాల్ కాటా మీద తూచి చూడాలి. బుట్టలోవి నిజంగా లావైనవా, తాజావి మాత్రమేనా అనేది అక్కడే తేలుతుంది. ఇంతవరకు వాటిని లావని అంటున్నది మన అమ్మాయి కళ్లే, ఎవరి చేతా తూయించలేదు.

ఇంకో ఊహ కూడా ఆమెకే వచ్చింది. కట్టలు కట్టేది ప్రధానంగా బజార్‌లో కాదు, ఊళ్లో, ముందు రోజు సాయంత్రం. ఆమె కట్టినవి దారిలో విడిపోయిన కొన్నే. గుప్పెడు ఎంతుండాలో, బుట్టలోకి ఏవి పోవాలో తేలేది అక్కడ, పొలం గట్టు మీద. కూలికి వచ్చినవాళ్లు కడతారా, ఇంటివాళ్లు కడతారా, బజార్‌కు ఒక రకం, హోటల్‌కు ఇంకో రకం కడతారా అనేది స్టాల్ వెనక కూర్చుని ఎన్నాళ్లు చూసినా కనిపించదు. అందుకని రెండో రోజు గిరాకీ అయ్యాక రై-1తో పాటు బస్సెక్కి ఊరికి రావచ్చా అని అడగాలనుకుంది. అడిగితే "కట్టుడు వస్తే రా" అన్నదట రై-1.

ప్రశ్నలుంటే అడగండి. డైరీ జిరాక్స్ కాపీలు ముందు బెంచీ మీద ఉన్నాయి. తలా ఒకటి తీసుకుని, 9 నుంచి 10 గంటల మధ్య రాసిన పేజీలో ఎడమ పక్కకు రావాల్సింది కుడి పక్కన ఎక్కడుందో, కుడి పక్కది ఎడమలోకి ఎక్కడ దూరిందో పెన్సిల్‌తో గీతలు పెట్టి రేపు తీసుకురండి.